ర్యాంకులా, సార్లా, పేరెంట్స్ నమ్మకమా: వైజాగ్‌లో చిన్న కోచింగ్ సెంటర్ తన పేరును ఎలా నడపాలి

ఏప్రిల్ వచ్చిందంటే జేఈఈ మెయిన్ రెండో సెషన్ ఫలితాలు, కాస్త అటూ ఇటుగా పదో తరగతి ఫలితాలు, వాటి వెనకే ఇంటర్ అడ్మిషన్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ఏ జంక్షన్‌లో చూసినా పిల్లల ఫోటోలు, వాటి కింద నంబర్లే. మీరు కూడా ఒక సెంటర్ నడుపుతుంటే మీ ఫ్లెక్సీ మీద చోటు కోసం మూడు విషయాలు కొట్టుకుంటాయి. మా ర్యాంకులు ఇవి, మా సార్లు వీళ్ళు, మీ పిల్లల్ని మేం దగ్గరుండి చూసుకుంటాం. మూడూ ఒకే ఫ్లెక్సీలో కుక్కితే సిగ్నల్ దగ్గర ఆగిన మనిషి ఒక్కటీ చదవడు.

ఇది వంద నుంచి రెండొందల మంది పిల్లలతో జేఈఈ, నీట్ బ్యాచ్‌లు నడిపే సెంటర్ల కోసం రాస్తున్నాను. పెద్ద కార్పొరేట్ కాలేజీలకు వేరే లెక్కలు ఉంటాయి, వాళ్ళకి రాష్ట్రమంతా క్యాంపస్‌లు ఉంటాయి కాబట్టి ఎక్కడో ఒక చోట నుంచి మంచి ర్యాంకు వస్తూనే ఉంటుంది. మీకు ఒక్కటే బిల్డింగ్. ఒక ఏడాది ర్యాంకులు వస్తాయి, ఇంకో ఏడాది రావు. కాబట్టి వాళ్ళ ఆటను వాళ్ళ పద్ధతిలో ఆడితే డబ్బు పోవడం తప్ప ఏమీ ఉండదు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత అడుగులు. ర్యాంకు మీ పేరు చెవిన పడేలా చేస్తుంది. సార్ పేరు విని డెమో క్లాసుకి వస్తారు. కానీ ఫస్ట్ టర్మ్ ఫీజు కట్టేదీ, రెండో ఏడు కూడా పిల్లాడిని మీ దగ్గరే ఉంచేదీ మాత్రం తల్లిదండ్రులకి మీ మీద ఉన్న నమ్మకాన్ని బట్టే. అందుకని ఈ మూడింటికీ వేర్వేరు చోట్లు ఇవ్వాలి, ఒకదాని చోటులోకి ఇంకొకటి రాకుండా చూడాలి.

1. ముందు అడ్మిషన్ రిజిస్టర్ తీయండి

డిజైనర్‌కి ఫోన్ చేసే ముందు నిరుడు చేరిన వాళ్ళలో ముప్పై మంది పేరెంట్స్‌కి ఫోన్ చేయండి. పీఆర్వోతో చేయించకండి, మీరే చేయండి, ఎందుకంటే పీఆర్వో అడిగితే వాళ్ళు "బాగుందండీ" అని పెట్టేస్తారు. రెండే ప్రశ్నలు అడగాలి. మా సెంటర్ గురించి మొదట ఎవరు చెప్పారు? ఫీజు కట్టడానికి సిద్ధపడిన రోజు ఏం చూసి ఒప్పుకున్నారు? ఈ రెండు జవాబులూ దాదాపు ఎప్పుడూ వేరువేరుగా ఉంటాయి. ఆ తేడాలోనే మీకు పని దొరుకుతుంది.

తర్వాత మధ్యలో మానేసిన వాళ్ళకీ చేయండి, అది కొంచెం కష్టమైన పనే. మానేసిన కారణం అడిగితే దూరం అంటారు, ఆరోగ్యం అంటారు. ఇంకాస్త మాట్లాడనిస్తే అసలు సంగతి బయటపడుతుంది. "మా వాడు రెండు నెలలుగా టెస్టులు సరిగ్గా రాయట్లేదని మాకు దసరా దాకా తెలీదండీ" లాంటి మాట వినబడితే అది ర్యాంకు సమస్యా కాదు, సార్ సమస్యా కాదు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు సెంటర్లయితే ఇంకో సంగతి కూడా చూడండి. స్టీల్ ప్లాంట్‌లోనో పరవాడ ఫార్మా కంపెనీల్లోనో షిఫ్టుల్లో పనిచేసే తండ్రి బి షిఫ్ట్‌లో ఉన్న వారం మీరు సాయంత్రం ఐదింటికి పేరెంట్స్ మీటింగ్ పెడితే రాలేడు. రాని వాడిని పట్టించుకోని వాడిగా లెక్కేసుకుంటే ఆ ఇల్లు మీకు దూరమైపోయినట్టే.

జవాబుల్ని మూడు కుప్పలుగా వేయండి: ఫలితాలు చూసి, సార్‌ని చూసి, తెలిసినవాళ్ళు చెప్పి లేదా ఆఫీసులో మాట్లాడిన తీరు చూసి. ఏ కుప్ప పెద్దదో అది మీ సెంటర్‌కి ఇప్పటికే ఉన్న పేరు. మీరు ఫ్లెక్సీ మీద వేయించుకుంటున్నది దానికి సంబంధం లేనిదైతే ఆ ఖర్చు దండగ.

2. ఫలితాల లెక్క నిజంగా తీయండి

ఎక్కువ సెంటర్లు పోటీలో పడి జారిపోయేది ఇక్కడే కాబట్టి దీనికి కాస్త ఎక్కువ సమయం పెడదాం.

ఒక లెక్క అనుకుందాం. గాజువాకలో ఒక సెంటర్, జేఈఈ బ్యాచ్‌లో 120 మంది చేరారు. ఎనిమిది మంది మధ్యలో మానేశారు, 112 మంది మెయిన్ రాశారు. రెండు సెషన్లలో మంచి స్కోరు తీసుకుంటే 99 పర్సంటైల్ దాటిన వాళ్ళు నలుగురు, 95 నుంచి 99 మధ్య పదకొండు మంది, 90 నుంచి 95 మధ్య పదిహేడు మంది, మిగతా 80 మంది 90 కన్నా తక్కువ. అడ్వాన్స్‌డ్‌కి క్వాలిఫై అయినవాళ్ళు 41 మంది.

ఈ లెక్కతో ఫ్లెక్సీ వేయమంటే మీ మార్కెటింగ్ కుర్రాడు ఏం వేస్తాడో చెప్పనా? పైన పెద్ద అక్షరాలతో "41 మంది అడ్వాన్స్‌డ్‌కి", కింద ఒక పిల్లాడి ఫోటో పక్కన "100 పర్సంటైల్". ఆ వంద ఎక్కడిదని అడిగితే ఆ పిల్లాడికి ఫిజిక్స్‌లో వచ్చిన సబ్జెక్ట్ పర్సంటైల్ అంటాడు. స్కోర్ కార్డులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌కి విడివిడిగా పర్సంటైల్స్ ఉంటాయి, మొత్తానికి వేరుగా ఉంటుంది. ఫిజిక్స్ అన్న మాట తీసేసి వంద ఒక్కటే వేస్తే అది అబద్ధం కిందే లెక్క.

ఆ 41 కూడా అంతే, నంబరు నిజమైనదే కానీ ఒంటరిగా ఉంటే తప్పుదారి పట్టిస్తుంది. 2025లో అడ్వాన్స్‌డ్‌కి కటాఫ్ జనరల్‌కి 93.1 పర్సంటైల్, ఓబీసీకి 79.4, ఎస్సీకి 61.2, ఎస్టీకి 47.9 దగ్గర ఉంది. అంటే క్వాలిఫై అయ్యారు అన్న ఒక్క మాటలో చాలా దూరదూరంగా ఉన్న స్కోర్లు ఉంటాయి. రిజర్వేషన్‌లో క్వాలిఫై అవ్వడం చిన్న విషయమని చెప్పట్లేదు, అది ఆ పిల్లల హక్కు, వాళ్ళ కష్టం. నేను చెప్పేది మీ సెంటర్ ఆ నంబరుతో ఏం నిరూపిస్తోందన్న సంగతి. అలాగే కేటగిరీ ర్యాంకుని కేటగిరీ అన్న మాట లేకుండా ఆల్ ఇండియా ర్యాంకులా వేయడం కూడా ఇదే కోవలోది. చూసే తండ్రి స్టీల్ ప్లాంట్‌లో ఇంజనీరో, పోర్టులో ఆఫీసరో అయితే అతను స్కోర్ కార్డు చదవగలడు, ఒక్కసారి పట్టుకున్నాడంటే ఆ మాట కాలనీ వాట్సాప్ గ్రూపు మొత్తానికి చేరుతుంది.

కాబట్టి ఒక షీట్ తయారు చేయండి. ప్రతి విద్యార్థికీ ఒక వరస: పేరు, మీ దగ్గర ఏ కోర్సు, ఎన్ని నెలలు చదివాడు, ఫీజు కట్టాడా లేక ఉచితమా, రెగ్యులరా లాంగ్ టర్మా, మొత్తం పర్సంటైల్, ఓపెన్ ర్యాంకు, కేటగిరీ ర్యాంకు వేరే గడిలో. మానేసిన ఎనిమిది మందీ కూడా ఈ షీట్‌లో ఉండాలి, వాళ్ళని తీసేసి శాతం కడితే లెక్క మీకు మీరే మార్చుకున్నట్టు. కేవలం టెస్ట్ సిరీస్ రాయడానికి వచ్చిన పిల్లలు వేరే పేజీలో. లాంగ్ టర్మ్ పిల్లలు కూడా వేరే పేజీలోనే, ఎందుకంటే వాళ్ళలో కొందరు అంతకుముందు రెండేళ్ళు ఇంకెక్కడో చదివి వచ్చినవాళ్ళు.

ఇదంతా మంచితనం కోసమే చేయక్కర్లేదు, చట్టం కూడా ఇదే అడుగుతోంది. 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, యాభై మంది కన్నా ఎక్కువ పిల్లలున్న సెంటర్లకి అవి వర్తిస్తాయి. విద్యార్థి ఫోటో వేస్తే పక్కనే పేరు, ర్యాంకు, ఏ కోర్సు చదివాడో, ఎంత కాలం చదివాడో, దానికి డబ్బు కట్టాడో లేదో చెప్పాలి. కింద చిన్న అక్షరాలతో చుక్క గుర్తు పెట్టి గట్టెక్కుదామనుకుంటే కుదరదు, గమనిక అక్షరాలు కూడా ప్రకటనలో గొప్ప చెప్పుకున్న అక్షరాలంత ఉండాలి. ర్యాంకు గ్యారంటీ, సీటు గ్యారంటీ అనే మాటలు అసలు వాడకూడదు. "రేపే ఆఖరు, మూడే సీట్లు" అని లేని తొందర పెట్టడం కూడా తప్పే. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. సివిల్స్ కోచింగ్ సంస్థలకి జరిమానాలు పడింది కూడా ఎక్కువగా ఇందుకే: ఉచిత ఇంటర్వ్యూ గైడెన్స్‌కి మాత్రమే వచ్చిన విజేతల్ని మొత్తం తమ దగ్గరే చదివినట్టు చూపించారు.

ఫోటో అనుమతి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. అడ్మిషన్ ఫారంలోనే "మీ ఫోటో వాడుకుంటాం" అని సంతకం పెట్టించుకోవడం మన దగ్గర అలవాటు. అది చెల్లదు. ఫలితం వచ్చిన తర్వాత రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫలితాలు అర్ధరాత్రి వస్తే తెల్లారేసరికి ఫ్లెక్సీ కట్టాలన్న తొందర అందరికీ ఉంటుంది కాబట్టి ఫారం ముందే ప్రింట్ చేసి పెట్టుకోండి, ఫలితం రాగానే స్వీట్ బాక్సుతో ఇంటికెళ్ళి సంతకం తీసుకోండి. ఒక రోజు ఆలస్యమైతే కొంపేమీ మునిగిపోదు.

3. ఆ లెక్క నుంచి ఒక వాక్యం రాయండి

పై సెంటర్‌కి నేనైతే ఫ్లెక్సీ మీద ఇలా వేయిస్తాను:

"మా రెగ్యులర్ బ్యాచ్‌లో 120 మంది చేరారు, 112 మంది జేఈఈ మెయిన్ రాశారు. 32 మందికి 90 పర్సంటైల్ పైన వచ్చింది. మిగతా వాళ్ళకి ఎంత వచ్చిందో లోపల బోర్డు మీద ఉంది."

చాలామంది డైరెక్టర్లు ఇది చూసి ఠారెత్తిపోతారు. ఎదురుగా ఉన్నవాడు వంద వేస్తుంటే నేను 32 వేసుకోవాలా అంటారు. వాళ్ళ భయం అర్థమవుతుంది, మొదటి వారం ఎంక్వయిరీలు తగ్గినా తగ్గొచ్చు కూడా. కానీ ఆ రోడ్డు మీద ఎంతమందిలో ఎంతమందో చెప్పిన ఫ్లెక్సీ మీదొక్కటే అవుతుంది, పక్కన ఉన్న వందని చూసి కూడా జనం "ఎంతమందిలో?" అని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్న మీకు మంచిది, పక్కవాడికి కాదు.

పూర్తి పట్టిక రిసెప్షన్‌లో పెట్టండి, 90 కన్నా తక్కువ వచ్చిన 80 మంది వరస కూడా అందులో ఉండాలి, పేర్లు లేకుండా. గాజువాక నుంచి వచ్చే మామూలు తల్లిదండ్రుల పిల్లల్లో ఎక్కువమంది టాపర్లు కారు, పదో తరగతిలో డెబ్భై ఎనభై శాతం తెచ్చుకున్న పిల్లలే. వాళ్ళు వెతికేది 99 వచ్చిన వాడి ఫోటో కాదు, తమ పిల్లాడిలాంటి వాడు మీ దగ్గర చేరితే ఏమయ్యాడన్న సంగతి. చేరినప్పుడు మీరు పెట్టిన స్క్రీనింగ్ టెస్ట్ మార్కులు దాచి ఉంచితే ఆ జవాబు చెప్పగలరు: సగం కన్నా తక్కువ మార్కులతో చేరిన వాళ్ళలో ఎంతమంది ఎక్కడిదాకా వచ్చారు అని. ఈ రికార్డు లేకపోతే ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

మరి ఆ ఏడాది ఫలితాలు నిజంగానే బాగోలేకపోతే? ఫ్లెక్సీ మీద ఫలితాలు వేయకండి, అంతే. నాలుగేళ్ళ క్రితం వచ్చిన ర్యాంకుని సంవత్సరం తీసేసి మళ్ళీ వేయడం కన్నా ఆ చోటుని ఖాళీగా వదిలేయడం నయం. ఆ ఏడాది బరువు సార్ల మీదా తల్లిదండ్రుల నమ్మకం మీదా వేయండి.

4. సార్ పేరుని ఎంత పెద్దగా వేయాలి

వైజాగ్‌లో ఒక మంచి ఫిజిక్స్ సార్ పేరు సెంటర్ పేరు కన్నా ముందు నడుస్తుంది. "ఫలానా సార్ దగ్గర చేర్పించాం" అంటారు తప్ప సెంటర్ పేరు చెప్పరు. డెమో క్లాసు నిండడానికి ఇది వరం. కానీ ఆ సార్ ఎంవీపీ కాలనీలో సొంత బోర్డు పెట్టుకున్న రోజున బ్యాచ్‌లో సగం ఆయన వెంట వెళ్ళిపోతుంది. వెళ్ళిపోకుండా అగ్రిమెంట్‌లో "రెండేళ్ళు ఎక్కడా పాఠం చెప్పకూడదు" అని రాయించుకున్న సెంటర్లు ఉన్నాయి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం మానేసిన తర్వాత పని చేసుకోకుండా ఆపే షరతు చెల్లదు, ఆ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్ళినా లాభం లేదు. మీకు ఉపయోగపడేది నోటీస్ షరతు: మొదలుపెట్టిన యూనిట్ పూర్తి చేసి, వచ్చే సార్‌కి బ్యాచ్ అప్పజెప్పి వెళ్ళాలి అని. దాన్ని కూడా బెదిరింపులా కాకుండా, చివరి నెల జీతంతో ముడిపెట్టకుండా, ముందే మాట్లాడుకుని రాసుకోండి.

ప్రకటనలో సార్ల విషయం ఇలా పెట్టండి. ఒకే సార్ ఫోటో పెద్దగా వద్దు, ప్రతి సబ్జెక్టుకి ఇద్దరి పేర్లు, ఒకే సైజులో. పేరు పక్కన "15 ఏళ్ళ అనుభవం, వేలమంది ఐఐటీయన్లని తయారు చేశారు" లాంటివి కాకుండా డిగ్రీ, సబ్జెక్టు, ఈ బ్యాచ్‌కి వారానికి ఎన్ని గంటలు చెప్తారో రాయండి. ఆ చివరి ముక్క చాలా ముఖ్యం. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో నెలకి రెండుసార్లు వచ్చే విజిటింగ్ సార్ ఫోటో పెద్దగా వేసి, రోజూ పాఠం చెప్పే కుర్ర లెక్చరర్ పేరు వేయకపోవడం మన ఊళ్ళో మామూలే. పిల్లలు ఆగస్టుకల్లా ఇంట్లో చెప్పేస్తారు: "ఆ సార్ రారు నాన్నా, ఇంకెవరో చెప్తున్నారు." ఆ ఒక్క మాటతో మీరు ఫలితాల గురించి చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి. సార్ల అర్హతల గురించి తప్పు చెప్పడం కూడా ఇందాక చెప్పిన మార్గదర్శకాల కిందకే వస్తుంది.

లోపల చేయాల్సింది వేరే ఉంది. ప్రతి సబ్జెక్టులో రెండో లెక్చరర్ మొదటి నెల నుంచే డౌట్ అవర్ తీసుకోవాలి. పిల్లలకి ఆయన ముఖం, ఆయన చెప్పే పద్ధతి తెలిసి ఉంటే పెద్ద సార్ వెళ్ళిన రోజు క్లాసు ఆగదు. మెటీరియల్, టెస్ట్ పేపర్లు, ఏ పిల్లాడు ఏ చాప్టర్‌లో తప్పులు చేస్తున్నాడన్న రికార్డు సెంటర్ దగ్గరే ఉండాలి, సార్ బ్యాగులో కాదు.

సార్ వెళ్ళిపోతే ఆ సంగతి తల్లిదండ్రులకి మీ నుంచే, అదే రోజు తెలియాలి. ఇలాంటి మెసేజ్ సరిపోతుంది: "ఫిజిక్స్ సార్ ఈ శనివారంతో మా సెంటర్ నుంచి వెళ్తున్నారు. ఎలక్ట్రోస్టాటిక్స్ పూర్తయింది. కరెంట్ ఎలక్ట్రిసిటీ నుంచి, జూన్ నుంచి మీ పిల్లల డౌట్ అవర్ తీసుకుంటున్న సార్ చెప్తారు. ఆదివారం ఉదయం పదింటికి ఆయన క్లాసులో మీరు కూడా కూర్చోవచ్చు." వెళ్ళిన సార్‌ని ఒక్క మాట కూడా అనకండి. పిల్లలకి ఆయనంటే ఇష్టం, ఆయన్ని తిడితే పిల్లలు మీకు దూరమవుతారు.

మీ పేరు ఎంత నిలబడిందో కూడా ఆ వారమే తెలుస్తుంది. ఫోన్ చేసిన పేరెంట్ "కొత్త సార్ ఎలా చెప్తారు?" అని అడిగితే మీరు బాగానే ఉన్నారు. "ఆ సార్ ఎక్కడ చేరారో చెప్తారా?" అని అడిగితే ఇన్నాళ్ళూ మీ డబ్బుతో ఆయన బ్రాండ్ కట్టారు.

5. తల్లిదండ్రులకి ఏది చూపిస్తే నమ్ముతారు

"మీ పిల్లలు మా పిల్లలే" అన్న వాక్యం ప్రతి పాంప్లెట్‌లో ఉంటుంది, ఎవరూ నమ్మరు. నమ్మకం చూపించడానికి మూడు కాగితాలు చాలు.

మొదటిది ఫీజు కాగితం. మొత్తం ఎంత, అందులో 18 శాతం జీఎస్టీ ఎంత, మెటీరియల్ ఎంత, ఏ టర్మ్‌కి ఎంత, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఎన్ని రోజుల్లో. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకి పంపిన మార్గదర్శకాల్లో చదవని కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. ఆ పద్ధతినే మీ కాగితంలో రాసేయండి. వాపసు షరతు రాస్తే అందరూ మానేస్తారేమోనన్న భయం ఉంటుంది, నిజానికి వాపసు ఇస్తారని తెలిసిన చోట చేరడానికి తల్లి తక్కువ ఆలోచిస్తుంది.

రెండోది వారం కాగితం. ఆదివారం టెస్ట్ అయితే మంగళవారం సాయంత్రానికల్లా ఇంటికి మెసేజ్ వెళ్ళాలి. అందులో మార్కులు, ఎన్ని క్లాసులకి వచ్చాడు, ఏ చాప్టర్ వెనకబడ్డాడు. వరసగా మూడు టెస్టుల్లో మార్కులు పడిపోతే మెసేజ్ కాదు, ఫోన్. ఆ ఫోన్ ఫీజు అడిగే అమ్మాయి నుంచి రాకూడదు, పాఠం చెప్పే సార్ నుంచే రావాలి. ఇక్కడ చాలా సెంటర్లు చేసే పని ఏంటంటే, మొత్తం బ్యాచ్ మార్కుల లిస్టు పేరెంట్స్ గ్రూపులో పెట్టేస్తారు. పైన ఉన్న పది ఇళ్ళకి అది సంతోషం, మిగతా వంద ఇళ్ళలో ఆ రాత్రి పిల్లాడికి తిట్లు. ఎవరి మార్కులు వాళ్ళకే పంపండి.

మూడోది అందరూ దాటవేసేది, పిల్లల మానసిక ఆరోగ్యం గురించిన కాగితం. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఊరి కేసు నుంచే వచ్చింది, 2023లో వైజాగ్‌లో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి వేసిన కేసు. ఆ తీర్పులో కోచింగ్ సెంటర్లకి కూడా మార్గదర్శకాలు ఉన్నాయి. వంద, ఆపైన పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి, అంతకన్నా తక్కువైతే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. వీటిని మీ దగ్గర ఎలా పాటిస్తున్నారో ఆ కాగితంలో రాయండి.

ఫలితాలకీ నమ్మకానికీ మధ్య అసలు పోటీ ఇక్కడే. స్టార్ బ్యాచ్ పెడితే ఫ్లెక్సీకి నాలుగు మంచి నంబర్లు రావడం తేలికవుతుందని మీ అకడమిక్ డీన్ అంటారు. మంచి సార్లంతా ఆ పాతికమందికే వెళ్తారు, మిగతా తొంభై మంది తల్లిదండ్రులు అదే ఫీజు కడుతూ రెండో రకం చదువు కొంటున్నారని నవంబరుకల్లా గ్రహిస్తారు. పై లెక్కలో 99 దాటిన నలుగురి కోసం 90 కన్నా తక్కువ వచ్చిన 80 ఇళ్ళని పోగొట్టుకోవడం వ్యాపారంగా చూసినా నష్టమే, వచ్చే ఏడాది మీ గురించి ఎవరికైనా చెప్పేది ఆ 80 ఇళ్ళే. స్టార్ బ్యాచ్ తీసేసి, ముందున్న పిల్లలకి సాయంత్రం అదనపు ప్రాబ్లమ్ షీట్, డౌట్ అవర్ ఇవ్వండి, కావాలన్న ఎవరినైనా రానివ్వండి.

6. దేన్ని ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు డిజైనర్‌ని పిలవండి. రోడ్డు మీద ఫ్లెక్సీకి ఒక్క ఫలితాల వాక్యం, సెంటర్ పేరు, చిరునామా, అంతే. జీవీఎంసీ అనుమతి లేకుండా స్తంభాలకి కట్టకండి, తీసిపారేస్తే డబ్బు పోవడమే కాదు, చిరిగి వేలాడే మీ పేరు ఎవరికీ మంచిగా కనిపించదు. పాంప్లెట్‌లో, డెమో రోజున సార్లు. డెమోలో పెద్ద సార్ అరగంట, రెండో సార్ అరగంట చెప్పాలి. డెమో అయ్యాక ఆఫీసులో కూర్చున్నప్పుడు ఆ మూడు కాగితాలు చేతికివ్వండి. ఆ సమయంలో ర్యాంకుల గురించి మీ అంతట మీరు ఎత్తకండి, వాళ్ళు అడిగితే బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం పట్టిక చూపించండి. ఫీజు ఆ రోజే కట్టమని అడగకండి. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రమ్మనండి.

అడ్మిషన్లు అయిపోయాక అక్టోబరులో ఒకసారి లెక్క చూడండి. ఎంక్వయిరీల్లో ఎంతమంది డెమోకి వచ్చారు, డెమో నుంచి ఎంతమంది చేరారు, చేరినవాళ్ళలో దసరా నాటికి ఎంతమంది మిగిలారు. ఎంక్వయిరీలు ఎక్కువ ఉండి డెమోకి తక్కువమంది వస్తే ఫ్లెక్సీ ఎక్కువ చెప్తోంది. డెమో నిండి చేరినవాళ్ళు తక్కువైతే ఆఫీసులో మాట్లాడే తీరు చూసుకోండి. చేరి, దసరాకి వెళ్ళిపోతుంటే వారం కాగితం ఆగిపోయిందేమో చూడండి, నూటికి తొంభై పాళ్ళు అదే అయి ఉంటుంది.

ఒక చిక్కు ఇంకా మిగిలింది. మీ దగ్గర రెండేళ్ళు చదివిన పిల్లాడి ఫోటో ఎదురు సెంటర్ ఫ్లెక్సీ మీద కనబడితే రాత్రికి రాత్రి మీరు కూడా అదే ఫోటో ఇంకా పెద్దగా కట్టకండి, అప్పుడు చూసేవాళ్ళకి ఇద్దరూ అబద్ధమే ఆడుతున్నారనిపిస్తుంది. ముందు ఆ పిల్లాడి తండ్రికి ఫోన్ చేసి అక్కడ ఏ కోర్సు తీసుకున్నాడో, అనుమతి రాసిచ్చారో కనుక్కోండి. టెస్ట్ సిరీస్‌కి వెళ్ళి అనుమతి కూడా ఇచ్చి ఉంటే వాళ్ళు "టెస్ట్ సిరీస్" అని రాసి వేసుకోవచ్చు, అది వాళ్ళ హక్కు. ఇవ్వకపోతే ఫోటో తీయమని ఆ తండ్రి చేతే ఒక ఉత్తరం రాయించండి. వారంలో తీయకపోతే ఫ్లెక్సీ ఫోటో, తేదీ, చోటు రాసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఆయన చేతే ఫిర్యాదు చేయించండి. ఆ పని చేసే ముందు మీ గోడ మీదున్న ప్రతి ఫోటోకీ సంతకం చేసిన ఫారం ఫైల్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.